రేషన్ బియ్యంలో తేడా గింజ

రేషన్ బియ్యం చెరుగుతుంటే కాస్త తేడాగా ఉన్న గింజలు కనబడతాయి. ప్లాస్టిక్ అని ఏరి పారేస్తుంటారు. నిజానికి అవి బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి గింజలా అచ్చుపోసినవి. క్వింటాలుకు కిలో చొప్పున కలిపినవి.

ఇలా పోషకాలు కలపడాన్ని ఏమనాలన్న దగ్గరే న్యూట్రిషన్ పరీక్ష రాసేవాళ్లు తడబడతారు. మరపట్టినప్పుడు తవుడుతో పోయిన బి1ను తిరిగి చేరిస్తే అది ఎన్‌రిచ్‌మెంట్. బి12 వడ్లలోనే లేదు, కొత్తగా చేర్చాం కాబట్టి ఫోర్టిఫికేషన్. ఉప్పులో అయోడిన్ కూడా అంతే. ‘ముందు ఉందా, లేదా?’ అని అడిగితే చాలావరకు జవాబు తేలిపోతుంది.

ఇంకో ప్రశ్న చూడండి. పాలు కూడా ముట్టని శాకాహారి. రక్తహీనత, ఎర్రకణాలు మామూలుకన్నా పెద్దవి, అరికాళ్లలో తిమ్మిర్లు. ఐరన్ లోపమైతే కణాలు చిన్నవవుతాయి, కనుక అది కాదు. ఫోలిక్ యాసిడ్ లోపంలోనూ కణాలు పెద్దవే, కానీ తిమ్మిర్లు బి12 వైపు చూపిస్తాయి. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం మెరుగుపడుతుంది, నరాల దెబ్బ మాత్రం లోలోపల ముదురుతుంది. పరీక్షలో పోయేది మార్కే, మనిషికైతే నడక.

అందుకే బి12 ఉన్న ఆ గింజల్ని ఏరి పారేయకండి.