కౌలు రద్దు నోటీసుకు జవాబు ఎట్లా ఇవ్వాలి?

(తుంగతుర్తిలో కౌలు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వకీలు నోటీసు ఇంటికొస్తే మనం చేసే తప్పులు రెండు. ఒకటి, పోస్టుమ్యాన్‌ను వెనక్కి పంపడం. తీసుకోకున్నా అది మనకు అందినట్టే లెక్క. రెండోది, పట్టాదారు ఇంటికి పోయి 'తప్పయింది, ఈ పంట వరకు ఆగండి' అని బతిమాలడం. ఆ మాట రేపు మనం నేరం ఒప్పుకున్నట్టు వాళ్ల జవాబులో కనిపిస్తుంది. కాబట్టి నోటీసు తీసుకోవాలి, కవరు దాచిపెట్టాలి, అందిన తేదీ దాని మీద రాసుకోవాలి, జవాబు కాగితం మీదనే ఇవ్వాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మన మండలంలో ఒక తమ్ముడు 4 ఎకరాలు కౌలుకు చేస్తున్నాడనుకోండి. ఎకరాకు ఏడాదికి 12,000, మొత్తం 48,000. సగం వానాకాలం మొదట్లో, మిగతా సగం యాసంగి వరి కోసినంక ఇవ్వాలని నోటిమాట. మార్చి 10న నోటీసొచ్చింది. వరి పొట్ట దశలో ఉంది. నోటీసులో మూడు మాటలు: కౌలు 48,000 కట్టలేదు, భూమిని బావమరిదికి కౌలుకిచ్చావు, 15 రోజుల్లో ఖాళీ చెయ్యి.

జవాబులో ఒక్కో మాటకు ఒక్కో పేరా రాయాలి. ఏ ఆరోపణకు జవాబు వదిలేసినా, దాన్ని ఒప్పుకున్నాడని వాదించే సందు దొరుకుతుంది.

మొదటి మాటకు: '24,000 జూన్‌లో ఫోన్‌పేలో పంపాను, తేదీ, లావాదేవీ నంబరు ఇవి. మిగతా 24,000 కోత తర్వాత ఇవ్వాల్సింది. ఇంకా గడువు రాలేదు, గడువుకు ఇవ్వడానికి సిద్ధం.' ఊరికే 'కట్టాను' అంటే సరిపోదు. తేదీ, మొత్తం, రుజువు మూడూ ఉండాలి. నిజంగా బాకీ ఉంటే దాచొద్దు. ఎంత బాకీ అనేది సరిగ్గా రాసి, తీసుకొమ్మని అడగాలి. బాకీ కోసం ఖాళీ చేయించాలని పట్టాదారు తహసీల్దారు దగ్గరికి పోయినా, బాకీ, ఖర్చులు గడువులో కడితే కౌలు నిలబెట్టే వీలు 1950 తెలంగాణ ప్రాంత కౌలుదారీ చట్టం 28వ సెక్షన్‌లో ఉంది. ఏటా ఎగ్గొట్టేవాళ్లకు మాత్రం అది పనికిరాదు.

రెండో మాటకు: 'బావమరిది నాట్లకు కూలికొచ్చాడు. సేద్యం నేనే చేస్తున్నాను.' ఎరువుల బిల్లులు, ట్రాక్టరు కిరాయి చీటీలు, పంట నమోదు, పక్క చెలకల రైతుల సాక్ష్యం ఇక్కడ పనికొస్తాయి. అసలు కాగితాలు ఇవ్వొద్దు, జిరాక్సులే జతచేయాలి.

మూడో మాటకు: అదే చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఇట్లాంటి కారణాలతో కౌలు రద్దు చేయాలంటే, కారణాలు చెప్పి ఆరు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. 32వ సెక్షన్ ప్రకారం తహసీల్దారు ఉత్తర్వు లేకుండా పట్టాదారు భూమిని స్వాధీనం చేసుకోరాదు. అందుకని '15 రోజుల నోటీసు చెల్లదు, నేను స్వాధీనంలోనే ఉన్నాను' అని రాయాలి.

చివరి పేరా చాలామంది మరచిపోతారు. అది ఇట్లా ఉండాలి: 'ఈ జవాబు నా హక్కులకు భంగం లేకుండా ఇస్తున్నాను. ఇందులో ప్రస్తావించని ఏ ఆరోపణనూ ఒప్పుకున్నట్టు కాదు. మరిన్ని అభ్యంతరాలు, ఆధారాలు తర్వాత చూపే హక్కు, చేలో ఉన్న పంటను కోసుకునే హక్కు, నష్టం అడిగే హక్కు నాకు ఉంచుకుంటున్నాను.' ఈ మూడు వాక్యాలు లేకపోతే, తర్వాత కొత్త ఆధారం దొరికినప్పుడు 'మరి అప్పుడెందుకు చెప్పలేదు?' అనే ప్రశ్న ఎదురవుతుంది.

జవాబు నోటీసు పంపిన వకీలుకు, పట్టాదారుకు ఇద్దరికీ పోస్టులో పంపి, రసీదు, అందినట్టు రుజువు దాచుకోవాలి. ఆ తర్వాత గడువుకు కౌలు పట్టుకుపోతే ఆయన తీసుకోననొచ్చు. అప్పుడు సాక్షుల ముందు ఇవ్వజూపి, మర్నాడే 'తెచ్చాను, మీరు తీసుకోలేదు' అని ఇంకో ఉత్తరం పంపాలి. లేకుంటే బాకీ అన్న అబద్ధం నిజమవుతుంది.

ఒక జాగ్రత్త. 'ఇతను కౌలుదారు కాదు, నా జీతగాడు' అని పట్టాదారు ఎదురు తిరగొచ్చు. నోటిమాట కౌలుకు ఇదే పెద్ద బలహీనత. పైగా 1950 చట్టం అన్ని కౌళ్లనూ ఒకే తీరుగా చూడదు. రక్షిత కౌలుదారు వేరు, నిన్నమొన్న కౌలుకు తీసుకున్నవాడు వేరు. మీరు ఏ తరగతిలోకి వస్తారో వకీలుకు చూపించి, ఆ తర్వాతే సెక్షన్లు రాయించండి. లేని హక్కు రాస్తే ఉన్న హక్కు మీద కూడా అనుమానం వస్తుంది.

ఇక ట్రాక్టరు పెట్టి చేను దున్నుతామని వస్తే కొట్లాటకు దిగొద్దు. ఫోటోలు తీయండి, పోలీసు స్టేషన్‌లో, తహసీల్దారుకు అదేరోజు దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ దరఖాస్తుకు మీరిచ్చిన జవాబు కాపీని జతచేయండి. నోటీసు వచ్చిన వారంలో రాసిన ఆ కాగితమే అప్పుడు మీ తరఫున మాట్లాడుతుంది.