2150 అనే లోపం వెనుక ఉన్న కారణం

ఈ హాల్లో బిల్లులు రాసేవాళ్లు, రాయించేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి మీకు తెలిసిన ఈ-ఇన్‌వాయిస్‌తోనే మొదలుపెడతాను.

2020 అక్టోబరు 1 నుంచి, 500 కోట్లు దాటిన టర్నోవరు ఉన్న కంపెనీలు ఇతర వ్యాపారాలకు రాసే బిల్లులను ముందు ప్రభుత్వ పోర్టల్‌కు పంపి, 64 అక్షరాల ఐఆర్‌ఎన్ తెచ్చుకోవాల్సి వచ్చింది. తర్వాత ఆ పరిమితి మెట్టుమెట్టుగా దిగి 2023 ఆగస్టుకి 5 కోట్లకు చేరింది. అప్పట్లో నేను చూసిన ఒక కంపెనీకి మూడు ఫ్యాక్టరీలు, వాటన్నిటికీ కలిపి ఒకే ఈఆర్పీ. కొనుగోళ్లు, స్టాకు, బిల్లులు, ఖాతాలు అన్నీ నడిచే సాఫ్ట్‌వేర్ అన్నమాట. ఈఆర్పీ ఒకటే అయినా పోర్టల్‌కు దారులు మాత్రం మూడు. మొదటి ఫ్యాక్టరీ నేరుగా పంపేది, రెండోది మధ్యవర్తి సంస్థ ద్వారా పంపేది, మూడోది ఎక్సెల్ షీటు నింపి అప్‌లోడ్ చేసేది. ఎందుకిలా అని అడిగితే చెప్పేవాళ్లు లేరు. పెట్టినవాళ్లు ఉద్యోగం మారిపోయారు.

రెండో ఫ్యాక్టరీ ప్రోగ్రాంలో ఒక వింత మెలిక ఉండేది. పోర్టల్ 2150 అనే లోపం చూపిస్తే, అంటే 'ఈ బిల్లుకు ఐఆర్‌ఎన్ ముందే ఇచ్చాం' అంటే, అది ఆగకుండా వెనక్కి వెళ్లి పాత ఐఆర్‌ఎన్ అడిగి తెచ్చుకునేది. కొత్తగా చేరిన ఒక కుర్రాడు దాన్ని చూసి, ఒకే బిల్లును రెండుసార్లు ఎవరు పంపుతారు, ఇది అనవసరం అని తీసేశాడు. అతని తప్పేమీ లేదు. ఆ మెలిక ఎందుకుందో ఎక్కడా రాసి లేదు. నెట్ తడబడిన రోజు పోర్టల్ ఐఆర్‌ఎన్ ఇచ్చేస్తుంది, జవాబు మాత్రం దారిలో పోతుంది. జవాబు రాలేదు కాబట్టి ఫ్యాక్టరీ మళ్లీ పంపుతుంది, 2150 వస్తుంది. మెలిక తీసేశాక అలాంటి ఒక సాయంత్రం బిల్లు చేతికి రాక లారీలు గేటు దగ్గరే నిలబడిపోయాయి.

ప్రోగ్రాం చూస్తే ఏం చేస్తుందో తెలుస్తుంది, ఎందుకు చేస్తుందో తెలియదు. ఆ 'ఎందుకు' కోసం మైకేల్ నైగార్డ్ అనే ఇంజనీరు 2011లో ఒక చిన్న పద్ధతి చెప్పాడు. మేము దాన్ని ఏడీఆర్ అంటాం, మన మాటల్లో నిర్ణయ పత్రం. ఒక్కో నిర్ణయానికి ఒకటి రెండు పేజీలు, ఒక వరుస నంబరు. అందులో శీర్షిక, పరిస్థితి, నిర్ణయం, దాని స్థితి, పర్యవసానాలు ఉంటాయి. ఈ చివరి భాగంలోనే పత్రం నిజాయితీ తేలుతుంది. లాభాలు మాత్రమే రాసి నష్టం ఒక్కటీ లేకపోతే, పని అయిపోయాక ఎవరో రాసిపెట్టిన కాగితమేమో అని నేను అనుమానిస్తాను.

ఆ కంపెనీ 2023 మొదట్లో రాసిన 14వ పత్రం చెబుతాను. నిర్ణయం: మూడు ఫ్యాక్టరీలూ మధ్యవర్తి సంస్థ ద్వారానే పంపాలి, 2150 వస్తే పాత ఐఆర్‌ఎన్ తెచ్చుకోవాలి. వదులుకున్న దారి: నేరుగా పంపడం. కారణం: పోర్టల్ నమూనా మారినప్పుడల్లా మన ప్రోగ్రాం మనమే మార్చుకోవాలి, ఆ పని తెలిసినవాళ్లు ఇద్దరే ఉన్నారు.

ఈ పత్రం సమీక్ష బోర్డుకు వెళ్లింది. ఖాతాలు, నెట్‌వర్కు, ఈఆర్పీ వాళ్లతోపాటు డిస్పాచ్ నుంచి ఒకాయన కూర్చున్నారు. పత్రం వారం ముందే అందింది కాబట్టి సమావేశంలో చదవడం లేదు, ప్రశ్నలే. డిస్పాచ్ ఆయన అడిగారు: "సార్, ఇప్పుడు ఒక దారి పోతే ఒక గేటే ఆగుతోంది. రేపు ఆ మధ్యవర్తి సర్వర్ పడిపోతే మూడు గేట్లూ ఒక్కసారే ఆగిపోవా?" ఇంజనీర్లం ఎవరం అది రాయలేదు. ఆ ప్రశ్నతో పర్యవసానాల్లో ఒక వాక్యం చేరింది: సర్వర్ పడితే చేత్తో అప్‌లోడ్ చేసే ఏర్పాటు ప్రతి గేటు దగ్గరా ఉండాలి. బోర్డు ఎందుకు అనేవాళ్లకు నేను ఈ వాక్యమే చూపిస్తాను.

మూడో ఫ్యాక్టరీకి రోజుకు నాలుగైదు సర్వీసు బిల్లులే. అందుకే ఎక్సెల్‌తోనే కొనసాగడానికి దానికి ఏడాది మినహాయింపు ఇచ్చారు, ముగిసే తేదీతో సహా. తేదీ లేని మినహాయింపు రెండో పద్ధతిగా స్థిరపడిపోతుంది. ఇంకొక షరతూ రాశారు: బిల్లు పంపే గడువు నిబంధన మారితే దీన్ని మళ్లీ చూడాలి.

అదే ఏడాది నిబంధన మారింది. 100 కోట్లు, ఆపైన టర్నోవరు ఉన్నవాళ్ల బిల్లు 30 రోజులు దాటితే పోర్టల్ 2023 నవంబరు 1 నుంచి తీసుకోవడం మానేసింది. మూడో ఫ్యాక్టరీలో కాగితాలు పోగుచేసి తీరిగ్గా అప్‌లోడ్ చేసే అలవాటుండేది. షరతు రాసి ఉంది కాబట్టి బోర్డు ఏడాది ఆగకుండా వెంటనే కూర్చుని మినహాయింపు ఎత్తేసింది. అందుకు 14వ పత్రాన్ని దిద్దలేదు. 23వ పత్రం కొత్తగా రాసి, పాతదాని స్థితి దగ్గర 'మినహాయింపు రద్దు, 23 చూడండి' అని చేర్చారు. మొదట ఎందుకు ఒప్పుకున్నారో, తర్వాత ఎందుకు మానుకున్నారో రెండూ ఇప్పటికీ ఆ ఫోల్డరులో పక్కపక్కనే ఉన్నాయి. 2150 మెలిక తీసేసిన ఆ కుర్రాడే 23వ పత్రం రాశాడు.