నడుము చెప్పే లెక్క

2005లో మన ఉభయ గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో 4,535 మంది పెద్దల ఆరోగ్యాన్ని పరిశీలించారు. పల్లెల్లోనూ నడుము కొవ్వు సమస్య ఉందని అందులో తేలింది. దీన్ని పట్టుకునే ఓ లెక్క ‘కోనిసిటీ ఇండెక్స్’. దాన్ని 1991లో రొడాల్ఫో వాల్డెజ్ ప్రతిపాదించారు.

రాజమండ్రిలో ఇద్దరున్నారనుకుందాం. ఇద్దరి బరువూ 64 కిలోలే, ఎత్తూ 1.60 మీటర్లే. కాబట్టి బీఎంఐ ఇద్దరికీ 25. కానీ ఒకరి నడుము 82 సెంటీమీటర్లు, మరొకరిది 96.

బరువును ఎత్తుతో భాగిస్తే 40. దాని వర్గమూలం 6.32. దాన్ని 0.109తో హెచ్చిస్తే 0.69 మీటర్లు. అంటే అదే బరువుతో, అదే ఎత్తుతో మనిషి నిలువు స్తంభంలా ఉంటే చుట్టుకొలత 69 సెంటీమీటర్లన్నమాట. నడుమును దీంతో భాగిస్తే కోనిసిటీ ఇండెక్స్ మొదటివారికి 1.19, రెండోవారికి 1.39 వస్తుంది. స్తంభానికి విలువ 1. పొట్ట దగ్గర ఉబ్బేకొద్దీ అది 1.73 వైపు జరుగుతుంది. రెండోవారికి కొవ్వు పొట్ట చుట్టూ చేరిందని అర్థం. మధుమేహం, గుండెజబ్బుల ముప్పు ఎక్కువగా ముడిపడి ఉన్నది ఈ కొవ్వుతోనే.

అయితే అది చర్మం కిందదా, పేగుల చుట్టూ ఉన్నదా అన్నది ఈ అంకె చెప్పలేదు. ముప్పును సూచించే హద్దు కూడా ప్రాంతాన్ని బట్టి, స్త్రీపురుషులను బట్టి మారుతుంది.

కొలతలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పొట్ట కిందకు కట్టిన పంచె ముడి దగ్గర టేపు పెట్టకండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక కొలవండి.