వచ్చిన వేగాన్ని అణచుకోరాదు



జిగణి పారిశ్రామికవాడలో రోజంతా కూర్చుని లెక్కలు చూసే ఒక ఉద్యోగిని ఊహించండి. ఉదయం ఇడ్లీలు తిని కంపెనీ బస్సు కోసం పరుగెత్తుతాడు. కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదిలి, మలవిసర్జన వేగం కలుగుతుంది. బస్సు తప్పుతుందని అతడు దానిని అణచుకుంటాడు. నిలిచిన మలంలోని నీటిని పేగు పీల్చుకోగా అది గట్టిపడుతుంది. నిత్యం ముక్కడం వలన మలద్వారపు రక్తనాళాలు ఉబ్బి మొలలవుతాయి.

కనుక అతడు అరగంట ముందు లేచి, అల్పాహారం ముగించి, బస్సుకు ముందే మరుగుదొడ్డికి వెళ్లాలి. కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసుకుని ముందుకు వంగి కూర్చోవాలి. ఫోను వెలుపలే ఉండాలి. ఐదారు నిమిషాలలో కాకపోతే ముక్కకుండా లేవాలి.

కార్యాలయంలో బల్లపై పెద్ద సీసాకు బదులు చిన్న గ్లాసు ఉంచుకుంటే, నీళ్లు నింపుకోవడానికైనా గంటకొకసారి నడుస్తాడు. భోజనానంతరం పది నిమిషాలు నడవాలి. రాత్రి భోజనానికి ముందు వెల్లకిలా పడుకుని, ఒక్కొక్క మోకాలిని పొట్టకు హత్తుకుని ఐదు శ్వాసలు తీసుకోవాలి.

మలంలో రక్తం కనిపిస్తే మాత్రం అవి మొలలేనని తేల్చుకోక వైద్యునికి చూపించాలి.