ఫోన్ కట్ అవ్వలేదు, నా చెవే పనిచేయలేదు

మీరు ఫోన్ ఏ చెవి దగ్గర పెట్టుకుంటారు? నేనైతే ఎప్పుడూ కుడి చెవికే. ఎడమ చెవి నాకు అస్సలు వినిపించదు.

ఆరేళ్లప్పుడు నాకు గవదబిళ్ళలు వచ్చాయి. దవడలు వాచి, జ్వరం వచ్చి, వారంలో తగ్గిపోయింది. అందరం మర్చిపోయాం. పదేళ్లప్పుడు అమ్మమ్మతో మాట్లాడుతూ ఫోన్ ఎడమ చెవికి మార్చా. "అమ్మా, ఫోన్ కట్ అయింది" అన్నా. అమ్మ తీసుకుని చూస్తే అమ్మమ్మ మాట్లాడుతూనే ఉంది! హియరింగ్ టెస్ట్ చేయిస్తే అప్పుడు బయటపడింది.

గవదబిళ్ళల వైరస్ అరుదుగా లోపలి చెవిని దెబ్బతీస్తుంది. అక్కడ శబ్దాన్ని పట్టుకునే సన్నటి కణాలు ఒకసారి పోతే మళ్ళీ పుట్టవు. ఎక్కువగా ఒక చెవే పోతుంది. రెండో చెవితో పని నడిచిపోతుంది కాబట్టి ఇంట్లోవాళ్లకి ఏళ్ల తరబడి తెలియదు. పిలిస్తే పిల్లలు ఎటు తిరగాలో తెలియక అటూ ఇటూ చూస్తుంటే అనుమానించాలి.

దీన్ని ఆపేది టీకానే. కానీ ఇక్కడొక మెలిక ఉంది. మన సర్కారు టీకాల్లో ఏళ్లుగా ఇస్తున్నది ఎంఆర్, అంటే తట్టు, రుబెల్లాకి మాత్రమే. గవదబిళ్ళలకి కూడా పనిచేసేది ఎంఎంఆర్. పిల్లల డాక్టర్లు దీన్ని 9 నెలలకి, 15 నెలలకి, మళ్ళీ 4-6 ఏళ్ల మధ్య వేయించమంటారు.

పోయిన చెవిని టీకా తిరిగి తేలేదు. అందుకే మా అక్క కొడుకు టీకా కార్డు నేనే తెరిచి చూశా. అందులో ఎంఆర్ అని మాత్రమే ఉంది. మరుసటి వారమే డాక్టర్ని అడిగి ఎంఎంఆర్ వేయించాం. మీ ఇంట్లో చిన్నపిల్లల కార్డులో ఏముందో చూశారా?