పుట్టిన నెల, ఒళ్లు పెరిగే వేగం: పరుగు పిల్లలను ఎంచుకోవడం ఎలా?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ముగ్గురం స్కూళ్లలో వ్యాయామం చెప్పేవాళ్లం. అథ్లెటిక్స్ పిల్లలకు మూడేళ్ల హాస్టల్ ఖర్చు, కోచింగ్ ఖర్చు మన సంఘం భరిస్తుందని కార్యవర్గం వారు ఇందాకే చెప్పారు. ఆ పిల్లలను ఎలా ఎంచుకోవాలో చెప్పమని మమ్మల్ని పిలిచారు. ఒకరోజు పరుగు పెట్టించి, ముందొచ్చిన ఐదుగురికి సీటు ఇస్తే సరిపోదా అని చాలామంది అడుగుతున్నారు. సరిపోదు. ఎందుకో ఒక ఉదాహరణ తీసుకుని చెబుతాం.

అండర్-14 అంటే అందరిదీ ఒకే వయసు అనుకుంటాం. మన స్కూల్ పోటీల్లో వయసు లెక్క సాధారణంగా జనవరి 1 నుంచి మొదలవుతుంది. జనవరిలో పుట్టినవాడూ, అదే ఏడు డిసెంబరులో పుట్టినవాడూ ఒకే గీత మీద నిలబడతారు. పదమూడేళ్ల దగ్గర పదకొండు నెలలంటే చిన్న తేడా కాదు. 1980ల్లో కెనడాలో రోజర్ బార్న్స్‌లీ అనే సైకాలజిస్ట్ ఐస్ హాకీ జట్ల జాబితాల్లో పుట్టిన తేదీలు చూస్తే, జనవరి నుంచి మార్చి దాకా పుట్టినవాళ్లే మరీ ఎక్కువగా కనిపించారు. అక్కడా లెక్క జనవరి 1 నుంచే. నెలకూ ఆటకూ జాతకం ఏమీ లేదు. పెద్దవాడు ముందు ఎంపికవుతాడు, వాడికి మంచి కోచ్ దొరుకుతాడు, ఎక్కువ మ్యాచ్‌లు దొరుకుతాయి. మూడేళ్ల తర్వాత వాడు నిజంగానే మెరుగైన ఆటగాడు అవుతాడు. చిన్నవాడు ఆ లోపే మానేస్తాడు.

ఇప్పుడు ఉదాహరణ. పేర్లు వద్దు, పెద్దవాడు, చిన్నవాడు అందాం. ట్రయల్ నవంబరులో. పెద్దవాడు 2012 జనవరి 20న పుట్టాడు, చిన్నవాడు 2012 డిసెంబర్ 5న. 60 మీటర్లకు పెద్దవాడు 8.60 సెకన్లు, చిన్నవాడు 8.90. గీత దగ్గర చూసేవాళ్లకు ఇందులో సందేహమే ఉండదు.

ముందు నెలల తేడా తీసేద్దాం. స్కూల్ రిజిస్టర్‌లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల అబ్బాయిలందరి టైమ్‌లు ఉండాలి. అందరివీ అంటే చురుకైనవాళ్లవే కాదు, వెనకబడ్డవాళ్లవీ. వయసు ఒక ఏడాది పెరిగితే సగటున టైమ్ ఎంత తగ్గుతోందో అందులోంచి తీయాలి. మా ఉదాహరణలో ఏడాదికి 0.40 సెకను అనుకుందాం. మన పిల్లలిద్దరి మధ్య పదిన్నర నెలలు, అంటే 0.35 సెకను. చిన్నవాడి 8.90 లోంచి అది తీసేస్తే 8.55. పెద్దవాడి వయసుకు తెచ్చి చూస్తే చిన్నవాడే ఒక వెంట్రుకవాసి ముందున్నాడు. స్విట్జర్లాండ్‌లో బాలుర 60 మీటర్ల పరుగు మీద పరిశోధకులు ఇలాంటి సవరణే చేసి చూశారు. ముందు వరసలో పేరుకుపోయిన పెద్ద నెలల పిల్లల బరువు దాంతో చాలావరకు సర్దుకుంది. కానీ ఆ 0.40 అనేది మా ఉదాహరణకే. ఆడపిల్లలకు వేరు, లాంగ్ జంప్‌కు వేరు. మీ స్కూల్ లెక్క మీరే తీసుకోవాలి.

నెలలు సరిచేస్తే పని అయిపోలేదు. ఒకే రోజు పుట్టిన ఇద్దరిలో కూడా ఒకరి ఒళ్లు ఏడాది, రెండేళ్లు ముందు పెరుగుతుంది. అబ్బాయిలు సుమారు 14 ఏళ్లకు, అమ్మాయిలు సుమారు 12 ఏళ్లకు ఒక్కసారిగా పొడుగవుతారు. అది ముందే వచ్చిన అబ్బాయికి కండ, అంగ, బలం ముందే వస్తాయి. షాట్‌పుట్‌లో, స్ప్రింట్‌లో ఆ లాభం బాగా కనిపిస్తుంది. తడి చిలపనూ పొడి చిలపనూ ఒకే తక్కెడలో తూచి నూలు ఎంతో చెప్పమంటే మనలో ఎవరైనా ఒప్పుకుంటారా?

అందుకే తల్లిదండ్రుల ఎత్తు కావాలి. అబ్బాయికైతే అమ్మ ఎత్తు, నాన్న ఎత్తు కలిపి, 13 సెంటీమీటర్లు చేర్చి, సగం చేస్తే పెద్దయ్యాక వచ్చే ఎత్తు ఉజ్జాయింపుగా తెలుస్తుంది. అమ్మాయికైతే 13 తీసేసి సగం చేయాలి. మన పెద్దవాడి నాన్న 166, అమ్మ 153. లెక్క 166 వచ్చింది. వాడు ఇప్పుడే 161, అంటే నూటికి 97 వంతులు పెరిగేశాడు. చిన్నవాడి నాన్న 169, అమ్మ 153. లెక్క 167.5. వాడు 146, అంటే నూటికి 87. పదమూడేళ్ల అబ్బాయికి 87, 88 మామూలే. పద్నాలుగుకు దగ్గరపడ్డవాడికి 91, 92 ఉంటుంది. చిన్నవాడు వేళకు పెరుగుతున్నాడు, పెద్దవాడు తొందరగా పెరిగాడు. ఈ అంచనా ఎనిమిది, తొమ్మిది సెంటీమీటర్లు అటూ ఇటూ పోవచ్చు. అందుకని ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు. మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి, ఏడాదికి ఎన్ని సెంటీమీటర్లు పెరుగుతున్నాడో పక్కన రాసుకుంటే నమ్మకం వస్తుంది. పొడుగవడం ఉధృతంగా ఉన్న నెలల్లో కొందరికి అడుగు తడబడుతుంది, మోకాలి కింద నొప్పి వస్తుంది. ఆ నెలల టైమ్ చూసి ఎవరినీ తీసెయ్యకూడదు.

మరి పెద్దవాడిని వదిలేయాలా? తొందరగా పెరగడం వాడి తప్పు కాదు. ఈ ఏడు జిల్లా పోటీకి వాడే వెళ్లాలి, అక్కడ గెలిచేది వాడే. మూడేళ్ల సీటు సంగతి వేరు. ఎత్తు పెరగడం ఆగాక కూడా టైమ్ తగ్గుతోందా అని ఆరు నెలలు చూసి వాడికి చెప్పాలి. మా మాట అడిగితే, సీటు ఒక్కటే ఉంటే అది చిన్నవాడికి ఇస్తాం.

ఆడపిల్లల దగ్గర కథ తిరగబడుతుంది. పన్నెండేళ్లకు అందరినీ దాటిన పిల్ల, నడుము వెడల్పై బరువు పెరిగాక, పద్నాలుగేళ్లకు అక్కడే ఆగినట్టు కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు "దీనికి ఆట మీద ధ్యాస పోయింది" అంటారు. అది ధ్యాస కాదు, వయసు. ఒకటి రెండేళ్లు ఓపిక పడితే చాలామంది మళ్లీ అందుకుంటారు. పెద్దమనిషి అయిందా లేదా అన్నది మైదానంలో అడిగే మాట కాదు. ఆ వివరం తల్లి, లేడీ టీచర్ మధ్యనే ఉండాలి.

ఒక చిక్కు మన ఇళ్లలోనే ఉంది. అడ్మిషన్ కోసం స్కూల్‌లో జూన్ నెల తేదీ వేయించిన పిల్లలు మనలో తక్కువేమీ కాదు. ఆ తేదీతో పైలెక్క చేస్తే మొదటికే మోసం. మునిసిపాలిటీ జనన ధ్రువపత్రమే కావాలి. మణికట్టు ఎక్స్‌రే తీస్తే వయసు తేలిపోతుంది కదా అని ఒక పెద్దాయన అడిగారు. క్రికెట్ బోర్డు దొంగ వయసులు పట్టడానికి ఎముకల పరీక్ష వాడుతుంది, నిజమే. కానీ ఎముక చెప్పేది ఒళ్లు ఎంత ముదిరిందో, క్యాలెండర్ వయసు కాదు. నిజాయితీగా తేదీ ఇచ్చిన పిల్లవాడికి కూడా ఎముక ఏడాది ముందుండొచ్చు. మన ట్రయల్‌కు ఆ ఖర్చు అక్కర్లేదు.

డిసెంబర్ పిల్లలు పైకి రారా? నీరజ్ చోప్రా పుట్టింది 1997 డిసెంబర్ 24న. 2016 అండర్-20 ప్రపంచ పోటీల్లో 86.48 మీటర్లు విసిరి జూనియర్ ప్రపంచ రికార్డు పెట్టాడు. ఆ పోటీలోనూ లెక్క క్యాలెండర్ ఏడాదితోనే. అలాంటివాళ్లు మధ్యలో మానేయకుండా నిలబడితేనే మనకు కనిపిస్తారు.

కార్యవర్గానికి ఒక పని. ఎంపికైన పిల్లల పుట్టిన నెలలను నాలుగు భాగాలుగా ఏటా లెక్కపెట్టండి. ఒక్క ఏడాది ఐదుగురితో ఏమీ తేలదు. నాలుగైదేళ్ల పేర్లు కలిపాక కూడా జనవరి–మార్చి వాళ్లే సగం ఉంటే, మన ఎంపిక నెలను ఎంచుకుంటోందన్నమాట.

ట్రయల్ రోజు అమ్మానాన్న ఇద్దరూ రావాలి. ఎత్తు నోటితో చెబితే రాసుకోం, చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడితే కొలుస్తాం. జనన ధ్రువపత్రం జిరాక్స్ తెండి. ఆ రోజు ఎవరినీ తీసేసినట్టు ప్రకటించం. అందరి ఎత్తు, టైమ్ రాసుకుని, మూడు నెలలకు మళ్లీ పిలుస్తాం.