రిపోర్టులో ఏ చార్ట్ ఎక్కడ పెట్టాలి? ఒక రొయ్యల గుంట లెక్కతో చూద్దాం

మొన్న ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఒక తమ్ముడు రిపోర్ట్ పంపాడు. "అన్నా, సార్‌కి ఇచ్చే ముందు ఒక్కసారి చూడన్నా" అన్నాడు. తెరిస్తే అన్నీ పై చార్ట్‌లే! అతని అసలు అంకెలు వద్దు, ఉదాహరణ అంకెలతో చెప్తాను.

ముందు ట్రెండ్. వారం వారం విసురు వల వేసి రొయ్య సగటు బరువు చూస్తారు కదా. 60వ రోజు 10 గ్రాములు, 67వ రోజు 12, 74వ రోజు 14, 81వ రోజు 14.2 అనుకుందాం. వీటితో పై చార్ట్ వేస్తే నాలుగూ కలిపి 50.2 గ్రాములు అవుతుంది. అలాంటి రొయ్య ఆ గుంటలో లేదు! కూడితే అర్థం లేని అంకెలకి పై చార్ట్ వేయకూడదు. అదే లైన్ చార్ట్ వేస్తే, చివరి వారం గీత అడ్డంగా పడుకోవడం వెంటనే కనిపిస్తుంది. మేత సరిగా తినడం లేదా, ఆక్సిజన్ తగ్గిందా, జబ్బేమైనా వచ్చిందా అని రైతు ఆ రోజే చూసుకోవాలి. పై చార్ట్‌లో ఆ హెచ్చరిక కనపడదు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. కొందరు బరువుకి బదులు కౌంట్ పెడతారు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు అని. 10 గ్రాములైతే 100 కౌంట్, 20 గ్రాములైతే 50 కౌంట్. అంటే రొయ్య పెరిగేకొద్దీ గీత కిందికి దిగుతుంది. తెలియనివాళ్లు నష్టమనుకుంటారు. అందుకే ఎదుగుదల చూపించాలంటే బరువే పెట్టండి.

రెండోది, పోలిక. మూడు గుంటల పట్టుబడి 3.8, 4.0, 4.2 టన్నులు. దీనికి బార్ చార్ట్ వేయాలి. కానీ నిలువు గీత సున్నా నుంచే మొదలవ్వాలి. 3.6 నుంచి మొదలైతే మూడో బార్ మొదటిదానికి మూడింతలు కనిపిస్తుంది, నిజానికి తేడా 0.4 టన్ను మాత్రమే. ఇంకోటి, మొదటి గుంట ఎకరన్నర, మూడోది రెండెకరాలు అయితే? ఎకరాకి లెక్కేస్తే మొదటిది సుమారు 2.5 టన్నులు, మూడోది 2.1. మూడోదాని మీద గెలిచింది మొదటి గుంటే! విస్తీర్ణం వేరైతే ఎకరా లెక్కకే బార్ వేయండి.

మూడోది, వాటా. మొత్తం ఖర్చులో మేత 55 శాతం, సీడ్ 10, కరెంటు-డీజిల్ 15, మిగతావి 20. ఇవి కూడితే వంద, ఆ వందకి అర్థముంది. పై చార్ట్ ఇక్కడ పెట్టొచ్చు. అయితే ముక్కలు ఐదు దాటితే ఫోన్‌లో ఏదీ కనపడదు. చిన్నవన్నీ "ఇతరాలు"లో కలిపేయండి.

ఆ తమ్ముడు బరువుల పై చార్ట్ తీసేసి లైన్ వేశాడు. గీత పడుకున్న వారం అతనికే కనపడింది. "అన్నా, ముందు సార్‌కి ఫోన్ చేస్తా, రిపోర్ట్ తర్వాత" అన్నాడు.